తెర చిక్కింది, ఫైలు దక్కలేదు

స్క్రీన్‌షాట్లు దాచే ఫోల్డరు ఊడదీసిన హార్డ్ డిస్కులో ఉండిపోతే ఏం జరుగుతుంది, పోయిందనుకున్న బొమ్మను ఎలా పట్టుకోవాలి

ఇలాంటిది ఒకటి అనుకుందాం. 20వ తేదీ సాయంత్రం. నెలనెలా జీఎస్టీ 3బీ రిటర్ను వేసేవాళ్ళకు అదే ఆఖరి రోజు. ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి రిటర్ను సబ్మిట్ చేయబోతే పోర్టల్ ఎర్రర్ చూపించింది. ఎందుకు ఆలస్యమైందని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఆధారం ఉండాలి కదా అని విండోస్ కీ, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కింది. తెర ఒక్క క్షణం మసకబారి మామూలైంది. ఫొటో పడిందనుకుని పేజీ మూసేసింది. కాసేపటికి స్క్రీన్‌షాట్ల ఫోల్డరు కోసం చూస్తే అది తెరుచుకోనే లేదు.

"అన్నా, ప్రింట్ స్క్రీన్ పనిచేయట్లేదు" అని పక్క సీటులో ఉన్నతన్ని అడిగితే, "కీ పోయినట్టుంది, కీబోర్డు మార్చేయ్" అన్నాడు. చాలామంది ఇచ్చే సలహా ఇదే. కీబోర్డులో ఏ లోపమూ లేదు. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 256 జీబీ డిస్కు. అది నిండిపోతోందని కొన్నాళ్ళ కిందట ఎవరో స్క్రీన్‌షాట్ల ఫోల్డరును బయటి హార్డ్ డిస్కులోకి మార్చారు. ఆ డిస్కు ఆరోజు యజమాని ఇంట్లో ఉంది.

నొక్కింది ఒక మీట, జరిగేవి రెండు పనులు

స్క్రీన్‌షాట్ తీయడమంటే మనకు ఒకటే పనిగా కనిపిస్తుంది. కంప్యూటరుకు అవి రెండు. మొదటిది, తెర మీద ఆ క్షణంలో ఉన్న బొమ్మను ర్యామ్‌లోకి తీసుకోవడం. దీనికి ఏ డిస్కుతోనూ సంబంధం లేదు, దాదాపు ఎప్పుడూ విఫలం కాదు. రెండోది, ఆ బొమ్మను పీఎన్‌జీ ఫైలుగా మార్చి, ముందుగా చెప్పి ఉంచిన ఫోల్డరులో రాయడం. బెడిసికొట్టేది ఈ రెండో పనే.

తెర మసకబారడాన్ని మనం రసీదులా భావిస్తాం. అది మీట నొక్కినట్టు గుర్తించానని విండోస్ చెప్పడమే. ఫైలు డిస్కు మీద పడిందనడానికి అది హామీ కాదు. తెర మసకబారి కూడా ఫైలు కనిపించని సందర్భాలు ఉంటాయి. వర్డ్‌లో డాక్యుమెంటు సేవ్ కాకపోతే ఒక పెట్టె వచ్చి అడ్డంగా నిలబడుతుంది. ఇక్కడ అలాంటి పెట్టె వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఈ లోపం రోజుల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది. మనం స్క్రీన్‌షాట్ తీసేది ఒకరోజు, వెతికేది మరో రోజు.

చిరునామాలో డిస్కు పేరు లేదు, అక్షరమే ఉంది

మామూలుగా విండోస్ స్క్రీన్‌షాట్లు సి డ్రైవ్‌లోని `Pictures` ఫోల్డరులో, దానిలోపలి `Screenshots` లో పడతాయి. ఆ ఫోల్డరు `Properties` లో `Location` అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ `Move` నొక్కి దాన్ని ఎక్కడికైనా మార్చవచ్చు. మన ఉదాహరణలో మార్చిన చోటు `E:\Screenshots`. విండోస్ దాచుకున్నది ఈ ఒక్క వాక్యమే. 'నల్లరంగు 1 టీబీ డిస్కు' అని గానీ, దాని సీరియల్ నంబరు గానీ ఆ చిరునామాలో లేదు. ఇ అనే అక్షరం, దాని వెనక ఒక ఫోల్డరు పేరు, అంతే.

డిస్కు ఊడదీస్తే ఇ అనే అక్షరమే మాయమవుతుంది. చిరునామా మాత్రం అలాగే మిగులుతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ పేరున ఉత్తరాలు వేస్తూనే ఉన్నట్టు, విండోస్ ప్రతి స్క్రీన్‌షాట్‌నూ ఆ చిరునామాకే పంపబోతుంది. డిస్కు లేదు కాబట్టి సి డ్రైవ్‌లో రాసేస్తాలే అని తనంతట తాను సర్దుకుంటుందని నమ్మడానికి లేదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. అక్షరాలను విండోస్ సాధారణంగా సి తర్వాత ఖాళీగా ఉన్నవి చూసి వరసగా పంచుతుంది. హార్డ్ డిస్కు లేని సమయంలో ఎవరిదో పెన్‌డ్రైవ్ పెడితే ఇ అక్షరం దానికి దక్కవచ్చు. తర్వాత హార్డ్ డిస్కు తగిలిస్తే అది ఎఫ్ అవుతుంది. డిస్కు కళ్ళముందే ఉంది, లైటు వెలుగుతోంది, అయినా స్క్రీన్‌షాట్లు అందులో పడవు. కొన్నిసార్లు అవి ఆ పెన్‌డ్రైవ్‌లోకే వెళ్ళిపోతాయి కూడా. బ్యాంకు పేజీ స్క్రీన్‌షాట్ పరాయివాళ్ళ జేబులో బయటికి పోవడం సేవ్ కాకపోవడం కంటే పెద్ద తలనొప్పి. ఫైళ్ళు కనిపించకపోతే ఈమధ్య ఆ కంప్యూటరుకు పెట్టిన పెన్‌డ్రైవ్‌లలోనూ ఒకసారి చూడటం మంచిది.

కేబుల్ ఎవరూ లాగకపోయినా డిస్కు ఊడినట్టే అయ్యే సందర్భాలున్నాయి. వదులైన కేబుల్, చాలినంత కరెంటు ఇవ్వలేని యూఎస్‌బీ హబ్, నిద్ర నుంచి లేచిన ల్యాప్‌టాప్ ఇలాంటివే. తిరిగే పళ్ళాలున్న పాతరకం డిస్కు మళ్ళీ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ల్యాప్‌టాప్ తెరిచిన వెంటనే తీసిన మొదటి స్క్రీన్‌షాట్ పోయి, తర్వాతివన్నీ బాగానే పడుతుంటే అనుమానం అటు పోవాలి.

ముందు బొమ్మ, తర్వాతే మరమ్మతు

కారణం వెతికేముందు చేయాల్సిన పని ఒకటుంది. విండోస్ కీ, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కినప్పుడు బొమ్మ ఫైలుగా రాయడానికి వెళ్ళడమే కాక, ఒక నకలు క్లిప్‌బోర్డులోకి కూడా వెళ్తుంది. కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటు అది. ఫైలు పడకపోయినా ఆ నకలు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. వెంటనే పెయింట్ తెరిచి, కంట్రోల్, వి నొక్కితే బొమ్మ వచ్చేస్తుంది. దాన్ని డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకోవాలి. పెయింట్ లేకపోతే వర్డ్ పేజీలో గానీ, మీకు మీరే రాసుకునే మెయిల్‌లో గానీ పేస్ట్ చేసినా సరే.

షరతు ఒకటే, ఈలోపు ఇంకేదీ కాపీ చేయకూడదు. మన అమ్మాయి స్క్రీన్‌షాట్ తీశాక ఒక క్లయింటు జీఎస్టీ నంబరు కాపీ చేసింది. మామూలు క్లిప్‌బోర్డులో ఒక్కటే పడుతుంది కాబట్టి నంబరు రాగానే బొమ్మ పోయింది.

అయినా ఒక దారి మిగిలి ఉండవచ్చు. విండోస్ కీ, వి కలిపి నొక్కితే క్లిప్‌బోర్డు చరిత్ర తెరుచుకుంటుంది. అందులో చివరి 25 అంశాల దాకా నిలుస్తాయి. అది ముందే ఆన్ చేసి ఉంటే బొమ్మ ఆ వరసలో దొరుకుతుంది. ఆన్ చేయకముందు కాపీ అయినవి మాత్రం రావు. దానికీ హద్దులున్నాయి. 4 ఎంబీ దాటినవి అందులోకి ఎక్కవు. కంప్యూటరు రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప మిగతావన్నీ చెరిగిపోతాయి. "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడు" అనే సలహా ఇక్కడ ప్రమాదం. అది మిగిలిన ఆ ఒక్క నకలునూ తుడిచేస్తుంది.

పాత స్క్రీన్‌షాట్ల గురించి మాత్రం కంగారు అక్కర్లేదు. డిస్కు తగిలించి ఉన్నప్పుడు పడినవన్నీ ఆ డిస్కులో భద్రంగానే ఉంటాయి. పోయేవి మధ్యకాలంలో తీసినవే.

నిజంగా ఇదేనా కారణం?

తేల్చుకోవడానికి అరనిమిషం చాలు. విండోస్ కీ, ఆర్ నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఇలా టైపు చేయండి:

```
shell:screenshots
```

ఇది స్క్రీన్‌షాట్ల ఫోల్డరును, అది ఎక్కడున్నా సరే, విండోస్ దాచుకున్న చిరునామా ప్రకారమే తెరుస్తుంది. ఫోల్డరు తెరుచుకుంటే పైనున్న చిరునామా పట్టీ మీద ఒకసారి నొక్కి పూర్తి దారి చదవండి. `C:\Users` తో మొదలైతే లోపం వేరేచోట ఉంది. వేరే అక్షరంతో మొదలైతే ఆ అక్షరం ఇప్పుడు ఏ డిస్కుదో చూడాలి. `Location is not available` అన్న సందేశం వచ్చి, కింద `E:\` లాంటి చిరునామా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

దీన్ని పోలిన మరో రెండు లోపాలుంటాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రింట్ స్క్రీన్ మీటకు ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి. అప్పుడు తెర మసకబారదు, పెయింట్‌లో పేస్ట్ చేసినా ఏమీ రాదు. అంటే మొదటి పనే జరగలేదన్నమాట. రెండోది వన్‌డ్రైవ్. స్క్రీన్‌షాట్లు తనలో దాచుకునే సెట్టింగు దానికుంది. అది ఆన్‌లో ఉంటే ఫైళ్ళు పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డరులోని `Screenshots` లో చేరతాయి. పేస్ట్ చేస్తే బొమ్మ వస్తోంది, ఫైలు మాత్రం ఎక్కడా లేదంటేనే మనం మాట్లాడుకుంటున్న జబ్బు.

డిస్కు చేతిలో లేకుండా చిరునామా మార్చడం

డిస్కు దగ్గరుంటే పని తేలిక. దాన్ని తగిలించి, పాత అక్షరమే వచ్చిందో లేదో చూసి, `Screenshots` ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి, `Properties` లో `Location` ట్యాబ్‌కు వెళ్ళి, `Restore Default` నొక్కి ఓకే చేయాలి. ఉన్న ఫైళ్ళను కూడా తరలించనా అని విండోస్ అడుగుతుంది. సి డ్రైవ్‌లో చోటుంటే సరేననవచ్చు.

డిస్కు పోయినా, పాడైనా, వేరే ఊళ్ళో ఉన్నా పని మెలిక పడుతుంది. చిరునామా మార్చే ట్యాబ్ ఆ ఫోల్డరు లోపలే ఉంది, ఆ ఫోల్డరేమో తెరుచుకోదు. చాలామంది ఇక్కడే చేతులెత్తేసి విండోస్ మళ్ళీ వేయించుకుంటారు. అంత దూరం పోనక్కర్లేదు. విండోస్‌కు కావలసింది ఇ అనే అక్షరమే కాబట్టి, సి డ్రైవ్‌లోని ఒక ఖాళీ ఫోల్డరుకు ఆ అక్షరాన్ని తాత్కాలికంగా తగిలిస్తే సరిపోతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండు వరసలు ఇవ్వాలి:

```
mkdir "%USERPROFILE%\tatkalam\Screenshots"
subst E: "%USERPROFILE%\tatkalam"
```

మొదటి వరస `tatkalam` అనే ఫోల్డరు, దాని లోపల `Screenshots` సృష్టిస్తుంది. రెండోది ఆ ఫోల్డరును ఇ డ్రైవ్‌గా చూపిస్తుంది. మీ చిరునామాలో అక్షరం గానీ, ఫోల్డరు పేరు గానీ వేరైతే ఇక్కడా అవే ఇవ్వాలి. ఇప్పుడు `E:\Screenshots` నిజంగానే ఉంది కాబట్టి ఫోల్డరు తెరుచుకుంటుంది, `Location` ట్యాబ్‌లో `Restore Default` నొక్కవచ్చు. పని కాగానే ఆ అక్షరాన్ని వదిలించుకోవాలి:

```
subst E: /d
```

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను మామూలుగానే తెరవాలి, అడ్మినిస్ట్రేటరుగా కాదు. అలా తెరిస్తే ఆ కొత్త డ్రైవ్ అడ్మినిస్ట్రేటరు సెషన్‌కే కనిపిస్తుంది, మీ ఫోల్డరు కిటికీకి కనిపించదు. కొందరు `Screenshots` ను కాక మొత్తం `Pictures` ఫోల్డరునే బయటి డిస్కుకు మార్చి ఉంటారు. అప్పుడు లోపలిది కూడా వెంట వెళ్ళిపోయి ఉంటుంది. మార్చాల్సింది పై ఫోల్డరును.

విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్ వాడేవాళ్ళకు ఇంకో చిరునామా ఉండవచ్చు. ఆ యాప్ సెట్టింగుల్లో స్క్రీన్‌షాట్లను దానంతటదే సేవ్ చేసే మీట, పక్కనే ఫోల్డరు మార్చే బటను ఉంటాయి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే సగం స్క్రీన్‌షాట్లే దారికొస్తాయి. రెండూ చూసుకోవాలి.

అక్షరం ఉంటుంది, డిస్కు పలకదు

ఆఫీసుల్లో బయటి హార్డ్ డిస్కు బదులు నెట్‌వర్క్ ఫోల్డరు ఉంటుంది. సర్వర్‌లో ఒక చోటిచ్చి, దాన్ని అందరి కంప్యూటర్లలో జెడ్ డ్రైవ్‌గా చూపిస్తారు. ఇక్కడ జబ్బు అదే, లక్షణాలు వేరు. ఊడదీసిన హార్డ్ డిస్కుకు అక్షరమే ఉండదు కాబట్టి విఫలమవడం వెంటనే తేలుతుంది. నెట్‌వర్క్ డ్రైవ్‌కు అక్షరం కనిపిస్తూనే ఉంటుంది, కాకపోతే దాని మీద ఎర్ర ఇంటు గుర్తు పడుతుంది. సేవ్ చేయబోతే కంప్యూటరు సర్వర్‌ను పిలిచి, జవాబు కోసం ఆగి, ఆ తర్వాత విఫలమవుతుంది. ఆ కొన్ని సెకన్లు ప్రోగ్రాము బిగుసుకుపోయినట్టుంటుంది. స్క్రీన్‌షాట్ తీయగానే కంప్యూటరు కాసేపు బిర్రబిగుస్తోందంటే గమ్యం నెట్‌వర్క్‌లో ఉందేమో చూడాలి.

ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నప్పుడు వీపీఎన్ కలపకపోతే ఆ సర్వర్ అందదు. పాస్‌వర్డ్ మారి, పాతదే కంప్యూటరులో మిగిలి ఉంటే సర్వర్ అందినా లోపలికి రానివ్వదు. పొద్దున కంప్యూటరు ఆన్ చేసినప్పుడు వైఫై కలిసేలోపే విండోస్ డ్రైవ్‌ను వెతికి, దొరక్క వదిలేయడం కూడా మామూలే. అలాంటప్పుడు జెడ్ డ్రైవ్ మీద ఒకసారి డబుల్ క్లిక్ చేస్తే అది మళ్ళీ కలుస్తుంది, ఎర్ర గుర్తు పోతుంది. తర్వాతి స్క్రీన్‌షాట్లు పడతాయి.

తొందరగా అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. స్క్రీన్‌షాట్ల కోసం వేరే ప్రోగ్రాము వాడుతూ, దాన్ని అడ్మినిస్ట్రేటరుగా నడిపిస్తే మీరు తగిలించుకున్న జెడ్ డ్రైవ్ దానికి కనిపించకపోవచ్చు. ఫోల్డరు కిటికీలో జెడ్ చక్కగా తెరుచుకుంటుంది, ప్రోగ్రాము మాత్రం అలాంటి డ్రైవే లేదంటుంది. ఆ ప్రోగ్రామును మామూలుగా తెరిస్తే సమస్య తీరుతుంది.

మ్యాక్‌లో మాట వేరు

మ్యాక్‌లో 2018లో వచ్చిన మొహావీ నుంచి షిఫ్ట్, కమాండ్, 5 కలిపి నొక్కితే కింద ఒక పట్టీ వస్తుంది. అందులో `Options` నొక్కితే ఎక్కడ సేవ్ చేయాలో ఎంచుకోవచ్చు. బయటి డిస్కును ఎంచుకుంటే మ్యాక్ గుర్తుంచుకునేది `/Volumes/Photos` లాంటి దారిని. ఇక్కడ అక్షరం లేదు, డిస్కు పేరే చిరునామా. ఆ పేరుతో అప్పటికే ఏదైనా మిగిలి ఉంటే తిరిగొచ్చిన డిస్కు `Photos 1` అవుతుంది, దారి తప్పుతుంది.

గమ్యం అందనప్పుడు మ్యాక్ చూపే సందేశం కూడా పక్కదారి పట్టిస్తుంది. ఆ ఫోల్డరులో సేవ్ చేయడానికి మీకు అనుమతి లేదని అంటుంది. అది నమ్మి జనం అనుమతులు మారుస్తూ కూర్చుంటారు. ముందు చూడాల్సింది చిరునామాను. టెర్మినల్‌లో ఇలా అడగవచ్చు:

```
defaults read com.apple.screencapture location
```

జవాబులో `/Volumes` కనిపించి, ఆ డిస్కు తగిలించి లేకపోతే కారణం దొరికినట్టే. అదే పట్టీలో `Desktop` ఎంచుకుంటే సరిపోతుంది. మ్యాక్‌లో మామూలు స్క్రీన్‌షాట్‌కు క్లిప్‌బోర్డు నకలు ఉండదు. కంట్రోల్ మీట కూడా కలిపి నొక్కితేనే బొమ్మ క్లిప్‌బోర్డుకు వెళ్తుంది, అప్పుడు ఫైలు రాదు. కాబట్టి సేవ్ విఫలమైతే వెనక్కి తెచ్చుకునే దారి విండోస్‌లో ఉన్నంత సులువుగా ఉండదు.

దగ్గర రాసి, తర్వాత తరలించడం

బయటి డిస్కుకు మార్చిన ఉద్దేశం సి డ్రైవ్‌లో చోటు మిగల్చడం. అది ఎంత మిగిలిందో లెక్క చూడండి. 1920 × 1080 తెర బొమ్మ ర్యామ్‌లో సుమారు 8 ఎంబీ ఉంటుంది. ఎక్కువగా అక్షరాలు, తెల్ల నేపథ్యం ఉన్న పేజీని పీఎన్‌జీగా కుదిస్తే అది చాలాసార్లు కొన్ని వందల కేబీకి దిగుతుంది. సగటున 300 కేబీ అనుకుంటే వెయ్యి స్క్రీన్‌షాట్లు కలిపినా 300 ఎంబీ. 256 జీబీ డిస్కులో అది ఒక మూలకు కూడా రాదు. చోటు తినేవి వీడియోలు, ఫోన్ బ్యాకప్‌లు, డౌన్‌లోడ్లు. తరలించాల్సింది వాటిని.

స్క్రీన్‌షాట్లు బయటి డిస్కులోనూ ఉండాలనుకుంటే ముందు సి డ్రైవ్‌లోనే పడనిచ్చి, డిస్కు తగిలించినప్పుడు నకలు తీసుకోవడం క్షేమం. వన్‌డ్రైవ్ లాంటివి చేసేది ఇదే. ఫైలు మొదట కంప్యూటరులోనే పడుతుంది, ఇంటర్నెట్ వచ్చాక పైకి వెళ్తుంది. అందుకే నెట్ పోయినా ఫైలు పోదు. బయటి డిస్కుకు అదే పని ఈ ఒక్క వరస చేస్తుంది:

```
robocopy "%USERPROFILE%\Pictures\Screenshots" "E:\Screenshots" /E /R:2 /W:5
```

ఇది కొత్తవి, మారినవి మాత్రమే కాపీ చేస్తుంది. ఏదైనా ఫైలు దగ్గర ఆటంకం వస్తే ఐదేసి సెకన్ల ఎడంతో రెండుసార్లు ప్రయత్నించి ముందుకు వెళ్తుంది. డిస్కు లేకపోతే లేదని తెర మీదే చెబుతుంది, మూలఫైళ్ళు ఎక్కడికీ పోవు. `/MIR` అనే మాట చేర్చమని కొందరు చెబుతారు. అది రెండుచోట్లనూ ఒకేలా ఉంచడానికి, మీరు సి డ్రైవ్‌లో చెరిపినవన్నీ బయటి డిస్కులోనూ చెరిపేస్తుంది. దాచుకోవడానికి తీసే నకలుకు అది పనికిరాదు.

ఏ కారణం చేతనైనా నేరుగా బయటి డిస్కులోకే పంపక తప్పదంటే దాని అక్షరాన్ని స్థిరం చేయాలి. విండోస్ కీ, ఆర్ నొక్కి `diskmgmt.msc` అని టైపు చేసి, ఆ డిస్కు మీద రైట్ క్లిక్ చేసి, `Change Drive Letter and Paths` లో ఎస్ లాంటి చివరి అక్షరాల్లో ఒకటి ఇవ్వాలి. మొదటి అక్షరాలు పెన్‌డ్రైవ్‌లు పంచుకుంటాయి, ఎస్ దాకా రావడం అరుదు. ఆ తర్వాత `Location` ట్యాబ్‌లో చిరునామాను కూడా `S:\Screenshots` గా మార్చాలి. లేకపోతే అది ఇంకా ఇ అక్షరాన్నే చూస్తూ ఉంటుంది.

ఇదంతా పెన్‌డ్రైవ్‌ల తారుమారును ఆపుతుంది గానీ, ఊడదీసిన డిస్కులో రాయించలేదు. కాబట్టి అలాంటి ఏర్పాటు ఉన్న కంప్యూటరులో మళ్ళీ దొరకని పేజీని, ముఖ్యంగా ఒకసారి వచ్చి పోయే ఎర్రర్ సందేశాన్ని, పట్టుకున్నప్పుడు ఆ పేజీ మూసేముందే `shell:screenshots` తెరిచి ఫైలును కంటితో చూసుకోవాలి. అది లేదంటే పేజీ ఇంకా తెర మీదే ఉంటుంది, మరోసారి తీసి పెయింట్‌లో పేస్ట్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది.